నిప్పుల్లోంచి బంగాళాఖాతానికి

2007 జనవరి 22, సోమవారం ఉదయం. శ్రీహరికోటకు తూర్పున దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతంలో ఒక చిన్న వస్తువు దిగబోతోంది. బరువు 550 కిలోలు. చూపుకు బోర్లించిన పెద్ద గంటలా ఉంటుంది. మూతి వెడల్పు రెండు మీటర్లు, ఎత్తు 1.6 మీటర్లు. దాన్ని నీళ్ళ మీద పట్టుకోవడానికి తీర రక్షక దళం, నౌకాదళం సిద్ధంగా ఉన్నాయి.

సరిగ్గా 9 గంటల 37 నిమిషాలకు అది భూమికి 100 కిలోమీటర్ల ఎత్తున వాతావరణపు అంచును తాకింది. 9 గంటల 46 నిమిషాలకు సముద్రంలో పడింది. మధ్యలో గడిచింది 9 నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో గంటకు 29 వేల కిలోమీటర్ల వేగం కాస్తా 43 కిలోమీటర్లకు, అంటే ఊళ్ళో స్కూటర్ నడిచే వేగానికి వచ్చేసింది.

దాని పేరు ఎస్‌ఆర్‌ఈ-1. కక్ష్యలోకి పంపిన నౌకను తిరిగి భూమికి తెచ్చుకోవడంలో ఇస్రో చేసిన మొదటి ప్రయత్నం అది. పన్నెండు రోజుల ముందు, జనవరి 10న, శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ7 రాకెట్ దాన్ని మరో మూడు ఉపగ్రహాలతో పాటు పైకి తీసుకెళ్ళింది. అప్పటిదాకా మన దేశం కక్ష్యలోకి పంపినవన్నీ అక్కడే ఉండిపోవడానికి వెళ్ళినవే. కొన్ని తరవాత వాటంతటవే కిందికి జారి, దారిలో కాలిపోయాయి. ఇది మాత్రం కాలిపోకుండా ఇంటికి రావాలి.

కాలిపోవడం ఎందుకు? పైనుంచి పడే వస్తువుకు నిప్పు ఎక్కడిది?

లెక్క అంతా వేగంలో ఉంది. ఎస్‌ఆర్‌ఈ వాతావరణంలోకి వచ్చినప్పటి వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకు అర నిమిషం దాటిన కాసేపటికే చేరుకోవచ్చు. కదిలే వస్తువులో ఎంత శక్తి దాగి ఉంటుందో బడిలో చెప్పిన సూత్రంతోనే తేల్చవచ్చు. బరువులో సగాన్ని వేగం వర్గంతో హెచ్చిస్తే చాలు. ఎస్‌ఆర్‌ఈ విషయంలో అది 1,760 కోట్ల జౌళ్ళు అవుతుంది. ఇది వంటింటి భాషలో చెప్పుకుంటేనే అర్థమవుతుంది. నిండు గ్యాస్ సిలిండర్లు 27 పూర్తిగా మండితే వచ్చే వేడి అది. ఆగాలంటే నౌక ఆ 27 సిలిండర్ల శక్తినీ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. శక్తి మాయం కాదు, వేషం మార్చుకుంటుంది. వేగం పోయిన చోట వేడి పుడుతుంది. ఆ వేడంతా నౌకలోకే పోతే మిగిలేది బూడిద. అందుకే ఇంజినీర్లకు అసలు సమస్య వేడి పుట్టకుండా చూడటం కాదు, పుట్టిన వేడి ఎవరి వాటాకు పోవాలో తేల్చడం.

ఇంజిన్‌తోనే బ్రేకు వేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ వేగాన్ని ఇవ్వడానికే దాదాపు 300 టన్నుల రాకెట్ కావలసి వచ్చింది. ఆ వేగాన్ని మళ్ళీ తీసేయడానికి కావలసిన ఇంధనాన్ని కూడా పైకి మోయాలంటే రాకెట్ ఇంకెన్నో రెట్లు పెరగాలి. అందుకని ఇంజిన్ చేత చిన్న పనే చేయిస్తారు. ఆ ఉదయం ఎస్‌ఆర్‌ఈ తన ఇంజిన్‌ను వెళ్ళే దిక్కుకు తిప్పుకుని సుమారు పది నిమిషాలు మండించింది. దాంతో తగ్గింది వేగంలో చాలా కొద్ది వంతే. కానీ అదే చాలు. కక్ష్య కిందికి వంగి వాతావరణాన్ని కోసుకుంటూ పోయేలా మారింది. ఆ తరవాత నౌక మళ్ళీ తిరిగి, గుండ్రటి ముక్కును ముందుకు పెట్టుకుంది. మిగతా బ్రేకు పనంతా గాలికి అప్పజెప్పింది.

*

వంద కిలోమీటర్ల ఎత్తున గాలి ఉందనడం కూడా ఒక మాటవరసకే. మన ముఖానికి తగిలే గాలితో పోలిస్తే అక్కడి గాలి ఇరవై లక్షల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. 70 కిలోమీటర్లకు దిగేసరికి కాస్త చిక్కబడుతుంది, అయినా నేల మీది గాలిలో పదిహేను వేల వంతుల్లో ఒక వంతే. ఇంత పలచని గాలి ఏం చేయగలదని తీసిపారేయడానికి లేదు. రెండు మీటర్ల వెడల్పున్న వస్తువు సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు దూసుకుపోతే, ఆ ఎత్తున కూడా సెకనుకు దాదాపు రెండు కిలోల గాలి దానికి అడ్డం వస్తుంది. ఆ రెండు కిలోల గాలినీ నిశ్చలస్థితి నుంచి ఒక్కసారిగా తన వేగానికి లాక్కుపోవాలి. అందుకు నౌక తన శక్తిలోంచి ఇచ్చుకునేది పది పదిహేను సెకన్లకు ఒక గ్యాస్ సిలిండర్ చొప్పున ఉంటుంది.

గాలికి వేడెక్కడం ఎలా వస్తుందో ఇక్కడ నిదానంగా చూడాలి. చాలామందికి చిన్నప్పటి నుంచి తెలిసిన జవాబు ‘రాపిడి’. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కినట్టు, గాలితో రాసుకుని నౌక వేడెక్కుతుందని. రాపిడి పాత్ర లేకపోలేదు, పక్కల మీద, వెనక భాగంలో అది పని చేస్తుంది. కానీ ముందు భాగంలో భగ్గుమనే వేడికి పెద్ద కారణం అది కాదు. సైకిల్ టైరుకు గాలి కొట్టినవాళ్ళందరికీ అసలు కారణం చేతికి తెలుసు. పంపు గొట్టం అడుగున, ట్యూబు దగ్గర, ఎక్కువ వేడిగా ఉంటుంది. గాలిని ఇరుకున కుదించి నొక్కితే అది వేడెక్కుతుంది. రీఎంట్రీలో జరిగేది ముఖ్యంగా ఈ నొక్కుడే. తేడా అల్లా పంపు పిడి సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో దిగడం.

మామూలుగా ఒక వస్తువు గాలిలో కదిలితే ముందున్న గాలికి ఆ కబురు ముందే అందుతుంది. బస్సు వస్తోందంటే దాని ముందరి గాలి పక్కకు తప్పుకుంటుంది. ఆ కబురు మోసేది ధ్వని. ధ్వని కన్నా వేగంగా అది పోలేదు. ఆ ఎత్తుల్లో ధ్వని వేగం సెకనుకు మూడు వందల మీటర్ల లోపే. నౌక వేగం దానికి పాతిక రెట్లకు పైగా. కాబట్టి ముందున్న గాలికి ఎవరొస్తున్నారో తెలిసే అవకాశమే లేదు. తప్పుకునే వ్యవధి లేక కుప్ప పడిపోతుంది. నౌక ముక్కుకు కొన్ని సెంటీమీటర్ల ముందు ఆ కుప్ప ఒక పలచని పొరలా, గొడుగు వంపులో నిలబడుతుంది. దాన్నే షాక్ వేవ్ అంటారు. పొరకు అవతల చల్లని, పలచని, నిశ్చలమైన గాలి. ఇవతల ఊహకందనంత వేడి. ఈ రెంటికీ మధ్య దూరం మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది.

ఎంత వేడి? గాలి మామూలు గాలిలాగే ఉండిపోతే, సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లెక్కకు ముప్పై వేల డిగ్రీలు దాటాలి. అంత దాకా పోదు. రెండున్నర వేల డిగ్రీల దగ్గరే ఆక్సిజన్ అణువు తట్టుకోలేక రెండు పరమాణువులుగా చీలడం మొదలుపెడుతుంది. నాలుగు వేలు దాటాక నైట్రోజన్ వంతు. ఇంకా పైకి వెళితే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఈ విరగ్గొట్టే పనులకు బోలెడంత శక్తి ఖర్చయిపోతుంది. అందువల్ల వేడి చివరికి ఏడెనిమిది వేల డిగ్రీల దరిదాపుల్లో నిలుస్తుంది. చంద్రుడి నుంచి సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చే నౌకల ముందు పది వేలు దాటుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి ఐదున్నర వేల డిగ్రీలే.

వెలుగు పుట్టేది ఇక్కడే. చీలిపోయిన పరమాణువులు, ఎలక్ట్రాన్లు కోల్పోయిన అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని ఉద్రేకపడతాయి. ఆ ఉద్రేకం తగ్గేటప్పుడు కాంతిని విడుస్తాయి. ట్యూబులైటులో, నియాన్ దీపంలో వెలుగు వచ్చేది ఇలాగే. నైట్రోజన్ అయాన్లది ఊదా నీలం. కవచం నుంచి లేచిన కార్బన్ నైట్రోజన్‌తో కలిస్తే అదొక ఊదా రంగు. కవచంలో ఇసుమంత సోడియం ఉన్నా పసుపు తోడవుతుంది. కిటికీలోంచి చూసిన వ్యోమగాములకు ఎక్కువగా కనిపించేది గులాబీ, నారింజ రంగులు కలిసిన జ్వాల. రగిలేది మాత్రం ఏమీ లేదు. మంట అంటే ఇంధనం ఆక్సిజన్‌తో కలవడం. ఇక్కడ వేడికి ఆక్సిజన్ అణువే నిలవడం లేదు.

ఇది సగం వెలుగే. రెండో సగం కమ్మరి కొలిమిలో కనిపించేది. బాగా కాగిన ఇనుము ముందు ముదురు ఎరుపు, తరవాత నారింజ, ఆపైన పసుపు తేలినట్టే, నౌక కవచం కూడా వేడెక్కి వెలుగుతుంది. గాలి వెలుగు ఒకటి, కవచం వెలుగు ఒకటి. ఈ రెండోదాని గురించి కాసేపట్లో చెప్పుకోవాలి. నౌక బతికి బయటపడటంలో దానికి చాలా పెద్ద పాత్ర ఉంది.

*

1950ల మొదట్లో అమెరికాలో క్షిపణుల ముక్కులు ఎలా ఉండాలని ఆలోచిస్తున్నవారందరి బుర్రలోనూ ఒకటే బొమ్మ. సూది మొన. ధ్వని వేగం దాటే విమానాలకు అదే సరైన ఆకారం. గాలిని చీల్చుకుంటూ పోవాలంటే పదునుగా ఉండాలి కదా అనుకున్నారు. కాలిఫోర్నియాలోని ఏమ్స్ ప్రయోగశాలలో హెచ్. జూలియన్ అలెన్ దీన్ని తలకిందులు చేశాడు. తన సహచరుడు ఆల్‌ఫ్రెడ్ ఎగ్గర్స్‌తో కలిసి లెక్కలు వేసి, ముక్కు మొద్దుగా ఉండాలని తేల్చాడు. సైన్యపు రహస్యం కనుక ఆ నివేదిక కొన్నేళ్ళు బయటికి రాలేదు.

విన్నప్పుడు వింతగా ఉన్నా, శక్తి లెక్కతో చూస్తే ఇది చక్కగా అతుకుతుంది. సూది మొనకు షాక్ వేవ్ అంటుకుని ఉంటుంది. వేడి గాలి దాని ఒంటినే రాసుకుంటూ పోతుంది. వేగం తగ్గదు, ఉన్న వేడి చర్మానికే అంటుకుంటుంది. పైగా మొన దగ్గర పదార్థమే లేదు, వేడిని పీల్చుకోవడానికి చోటు లేక కరిగిపోతుంది. మొద్దు ముక్కు సంగతి వేరు. దాని ముందు గాలి దిండులా పేరుకుంటుంది. షాక్ వేవ్‌ను ఆ దిండు ముందుకు నెట్టి, ఒంటికి దూరంగా నిలబెడుతుంది. వేడిలో చాలా భాగం ఆ కుప్పపడ్డ గాలిలోనే ఉండిపోయి, పక్కల నుంచి జారి, నౌక వెనక తోకలా సాగి పోతుంది. నౌక శక్తి గాలికి బదిలీ అవుతుంది, ఆ గాలిని నౌక వెనక్కి వదిలేసి ముందుకెళ్ళిపోతుంది. ఇందాకటి 27 సిలిండర్లలో ఇరవై ఆరింటి పైచిలుకు ఇలా ఆకాశానికే చెందుతుంది. ముక్కు గుండ్రదనం నాలుగింతలు పెంచితే దాని నడిబొడ్డున పడే వేడి సగానికి తగ్గుతుందని కూడా లెక్క తేలింది.

అప్పటి నుంచి మనుషులను మోసిన క్యాప్సూళ్ళన్నీ మొద్దుగానే దిగుతున్నాయి. మెర్క్యురీ, సోయుజ్, అపోలో, డ్రాగన్ అన్నింటికీ అదే వెడల్పాటి అడుగు. అర మీటరు వ్యాసార్థపు బంతిలాంటి ముక్కుతో ఎస్‌ఆర్‌ఈ కూడా ఆ కుటుంబానికి చెందినదే.

అయినా ముక్కుకు కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఏడు వేల డిగ్రీలు మండిపోతుంటే, నౌక చర్మం ఎలా నిలుస్తుంది? దీనికి హైదరాబాద్‌లో తందూరు దగ్గర నిలబడితే జవాబు దొరుకుతుంది. రొట్టెలు కాల్చే మనిషి పొయ్యిలోకి చేయి పెట్టి, గోడకు రొట్టె అతికించి, చేయి తీసేస్తాడు. లోపలి గాలి రెండు మూడు వందల డిగ్రీలున్నా చేయి కాలదు. అదే వేడిలో ఉన్న గోడను తాకితే బొబ్బలెక్కుతుంది. ఎంత వేడిగా ఉందన్నదొక్కటే చాలదు, ఎంత పదార్థం ఆ వేడిని మోసుకొస్తోందన్నది కూడా చూడాలి. అరవై, డెబ్బై కిలోమీటర్ల ఎత్తున ఆ మండే గాలి చాలా పలచన. అదీగాక చర్మాన్ని ఆనుకుని నెమ్మదిగా జారే గాలి పొర ఒకటి దుప్పటిలా పని చేస్తుంది.

మిగిలిన వేడిని వదిలించుకోవడానికే ఆ రెండో వెలుగు. వేడెక్కిన ఏ వస్తువైనా వేడిని కాంతిగా విసిరేస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఈ విసురు విపరీతంగా పెరుగుతుంది. 800 డిగ్రీల దగ్గర వెదజల్లే దానికి, 1,600 డిగ్రీల దగ్గర తొమ్మిది రెట్లకు పైగా వెదజల్లుతుంది. అందుకని కవచం చేసేవాళ్ళు దాన్ని చల్లగా ఉంచాలని చూడరు. పైపొర ఎంతో వేడెక్కి ధగధగ వెలగాలి, కింది పొరకు ఆ కబురు అందకూడదు. అదీ వాళ్ళ కోరిక. వచ్చిన వేడి వచ్చినట్టే వెలుగై బయటికి పోతే, లోపలికి వెళ్ళడానికి మిగిలేది తక్కువ.

ఎస్‌ఆర్‌ఈలో దీనికి రెండు పదార్థాలు వాడారు. నౌక పక్కలంతా సిలికా పలకలు. ఇసుకలో ఉండే సిలికానే సన్నటి నారలుగా తీసి పలకలుగా కాలుస్తారు. వాటిలో ఎక్కువ భాగం ఖాళీయే. దూదిలో, ఉన్నిలో లాగా ఆ ఖాళీలే వేడిని ఆపుతాయి. అమెరికా షటిల్‌కు వాడిన ఇలాంటి పలకను కొలిమిలో ఎర్రగా కాల్చి బయటికి తీసి, కొన్ని సెకన్లలోనే దాని మూలలను ఉత్త చేత్తో పట్టుకుని చూపించేవారు. నడుమ ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, వేళ్ళకు మాత్రం ఏమీ కాదు.

ముక్కు దగ్గర పలకలు చాలవు. అక్కడ కార్బన్ ఫినాలిక్ టోపీ పెట్టారు. కార్బన్ నారతో నేసిన గుడ్డకు ఫినాల్ రెసిన్ పట్టించి గట్టిపరిచిన పదార్థం ఇది. దీని పని తాను కాలి నౌకను కాపాడటం. వేడి తగలగానే రెసిన్ లోపల విచ్ఛిన్నమై వాయువులుగా మారుతుంది, ఆ పనికే కొంత వేడి ఖర్చవుతుంది. ఆ వాయువులు బయటికి చిమ్ముతూ మండే గాలిని ఒంటికి దూరంగా నెడతాయి. మిగిలిన నల్లటి బొగ్గు పొర ఎర్రగా కాగి వేడిని వెలుగుగా విసిరేస్తుంది. పైపొర అరిగిపోతే కిందిది ఆ పనికి వస్తుంది. 2025 మార్చి 19 తెల్లవారుజామున సునీతా విలియమ్స్ దిగిన డ్రాగన్ క్యాప్సూల్‌ను టీవీల్లో చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పైకి వెళ్ళినప్పుడు తెల్లగా ఉన్నది, నీళ్ళలోంచి తీసేసరికి మాడిన పెనంలా ఉంది.

ఈ మాడటం కూడా పద్ధతిగా జరగాలి. 2022 డిసెంబరు 11న చంద్రుడి దగ్గరి నుంచి మనుషులు లేకుండా తిరిగొచ్చిన ఓరియన్ కవచం మీద వందకు పైగా చోట్ల బొగ్గు పొర పెచ్చులుగా ఊడిపోయింది. నౌక క్షేమంగానే దిగింది కానీ, కారణం తేల్చడానికి నాసాకు రెండేళ్ళు పట్టింది. లోపల పుట్టిన వాయువు బయటికి పోయే దారి చాలక, ఒత్తిడి పెరిగి, పొర పగిలిందని చివరికి తేలింది.

*

మళ్ళీ ఆ ఉదయానికి. ఎస్‌ఆర్‌ఈ కిందికి వస్తున్న కొద్దీ గాలి చిక్కబడుతోంది, వేగం తగ్గుతోంది. ఇక్కడ ఒక చిత్రం ఉంది. అన్నిటి కన్నా ఎక్కువ వేడి తగిలే క్షణం, అన్నిటి కన్నా గట్టిగా బ్రేకు పడే క్షణం ఒకటి కావు. వేడి ముందు వస్తుంది. బ్రేకు వేగం వర్గాన్ని బట్టి పెరిగితే, వేడి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి వేగం ఇంకా పెద్దగా తగ్గక ముందే, గాలి పలచగా ఉండగానే వేడి పతాక స్థాయికి వెళ్ళిపోతుంది. రెక్కలు లేకుండా నేరుగా దిగే వస్తువుకు అలెన్, ఎగ్గర్స్ లెక్క ప్రకారం, మొదటి వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్లయితే, సుమారు 6.8 దగ్గర వేడి గరిష్ఠం. 4.9 దగ్గరికి వచ్చాక గాని కుదుపు గరిష్ఠం కాదు. మనుషులున్న సోయుజ్‌లో మామూలుగా ఆ సమయానికి ఒంటి బరువు నాలుగింతలైనట్టు ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో ఒక సోయుజ్ మాడ్యూలు సరిగ్గా విడిపోక ఏటవాలు ఎక్కువైనప్పుడు అది ఎనిమిదింతలు దాటింది.

ఏటవాలు కోణం మీద అంతా ఆధారపడి ఉంటుంది. మరీ నిటారుగా దిగితే వేడీ కుదుపూ కొద్ది సెకన్లలో కుప్పగా మీద పడతాయి. మరీ పడుకుని వస్తే మంట అంత తీవ్రంగా ఉండదు గాని చాలాసేపు సాగుతుంది. అలా సాగితే వేడి నెమ్మదిగా కవచం దాటి లోపలికి ఇంకిపోతుంది. చంద్రుడి నుంచి వచ్చిన అపోలో నౌకలు ఆరున్నర డిగ్రీల కోణంలో, అటూ ఇటూ ఒక్క డిగ్రీ తేడాలో రావలసి ఉండేది.

ఈ దశలోనే నౌక నుంచి మాట వినిపించదు. ఎలక్ట్రాన్లు ఊడిన ఆ గాలినే ప్లాస్మా అంటారు. అది నౌకను కప్పేసి రేడియో తరంగాలను లోపలికీ బయటికీ పోనివ్వదు. 1970 ఏప్రిల్ 17న అపోలో 13 దిగుతున్నప్పుడు ఈ మౌనం అనుకున్నదాని కన్నా దాదాపు నిమిషంన్నర ఎక్కువ సాగింది. దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలిన నౌక అది. పేలుడుకు కవచం పగిలిందో లేదో చూసే దారి ఎవరికీ లేదు. ఆ నిమిషంన్నర తరవాత నౌకలోంచి గొంతు వినిపించింది.

ఎస్‌ఆర్‌ఈ ఐదు కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి దాని వేగం సెకనుకు 101 మీటర్లు. అంటే గాలి తన వాటా పని దాదాపు పూర్తి చేసేసింది. పారాచూట్లకు మిగిలింది గంటకు 360 కిలోమీటర్ల పైచిలుకు వేగాన్ని తగ్గించడమే. మొదట చిన్నవి తెరుచుకుని దాన్ని సెకనుకు 47 మీటర్లకు తెచ్చాయి. రెండు కిలోమీటర్ల ఎత్తున పెద్దది విచ్చుకుంది. నీళ్ళను తాకినప్పుడు సెకనుకు 12 మీటర్లు. తేలడానికి పెట్టిన ఏర్పాటు వెంటనే పని చేసింది.

*

ఈ విద్యలో తప్పు జరిగితే ఎలా ఉంటుందో మన దేశానికి అంతకు నాలుగేళ్ళ ముందే తెలుసు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ టెక్సస్ మీదుగా వస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు అందులో ఉన్నారు.

కారణం పదహారు రోజుల ముందుది. జనవరి 16న పైకి లేచిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీది నురుగు పదార్థం ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. ముక్క బరువు ముప్పావు కిలో. ఆ అంచు 1,600 డిగ్రీలను తట్టుకునే కార్బన్ పలకలతో చేసినది. తరవాత టెక్సస్‌లోని ఒక ప్రయోగశాలలో అలాంటి పలక మీదికి అలాంటి ముక్కనే అదే వేగంతో కొట్టి చూస్తే, దాదాపు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది.

కక్ష్యలో ఉన్నంత కాలం ఆ రంధ్రం వల్ల ఏ హానీ లేదు. గాలే లేని చోట అది ఒట్టి చిల్లు. 120 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగడం మొదలయ్యాక, షాక్ వేవ్ వెనక మండే గాలి ఆ చిల్లులోంచి రెక్క లోపలికి దూరింది. రెక్క ఎముకలు అల్యూమినియంవి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దిగడం మొదలైన నాలుగున్నర నిమిషాలకే ఎడమ రెక్క లోపలి దూలం మీద మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి నమోదైంది. అది నౌకలోని రికార్డరుకు మాత్రమే తెలిసింది. శిథిలాల్లో ఆ రికార్డరు దొరికాక గాని బయటపడలేదు. కింద హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళకు కనిపించిన మొదటి గుర్తు చాలా చిన్నది. ఎడమ రెక్కలోని నాలుగు ఉష్ణోగ్రత కొలమానాలు ఒకదాని వెంట ఒకటి పలకడం మానేశాయి. వేడి ఎక్కువైందని అవి చెప్పలేదు. వాటి తీగలు తెగిపోవడంతో అంకెలు రావడం ఆగిపోయాయి. అప్పటికే కాలిఫోర్నియా మీద ఆకాశంలో నౌక వెనక వెలుగు బాటలో చిన్న చిన్న మెరుపులు రాలుతున్నాయి. పొద్దున్నే లేచి చూస్తున్నవాళ్ళు వాటిని వీడియో తీశారు. 61 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి 18 రెట్ల వేగంలో ఉండగా ఆఖరి మాట మధ్యలో తెగిపోయింది.

రెండున్నరేళ్ళ తరవాత, 2005 జులైలో, షటిల్ మళ్ళీ ఎగిరింది. ఈసారి డిస్కవరీ. అంతరిక్ష కేంద్రానికి దాదాపు 180 మీటర్ల దిగువన ఐలీన్ కాలిన్స్ నౌకను మెల్లగా పిల్లిమొగ్గ వేయించింది. కేంద్రంలో ఉన్న ఇద్దరూ కిటికీల్లోంచి దాని కడుపు భాగాన్ని, ఆ వేల పలకలను, ఫొటోలు తీశారు. వాటిని పరిశీలిస్తుంటే రెండు చోట్ల పలకల మధ్య సందుల్లో కూరిన గుడ్డ పట్టీలు బయటికి పొడుచుకు వచ్చి కనిపించాయి. పొడుచుకు వచ్చింది రెండు మూడు సెంటీమీటర్లే. నేల మీదైతే ఎవరూ పట్టించుకోరు. కానీ ధ్వనికి ఇరవై రెట్ల వేగంలో ఆ పట్టీ, ఒంటిని అంటిపెట్టుకుని జారే గాలి దుప్పటిని చిందరవందర చేస్తుంది. నున్నగా పారే ఏటిలో రాయి లేస్తే నీళ్ళు సుళ్ళు తిరిగినట్టు. సుళ్ళు మొదలైతే ఆ వెనక ఉన్న పలకలకు వేడి రెట్టింపు అందుతుంది.

ఆగస్టు 3న స్టీఫెన్ రాబిన్సన్ రోబో చేయి చివర నిలబడి షటిల్ కడుపు కిందికి వెళ్ళాడు. అంతకు ముందు ఎవరూ వెళ్ళని చోటు అది. పట్టీ ఊడి రాకపోతే కోసేయడానికి రంపం కూడా సిద్ధం చేసుకున్నారు. దాని అవసరం పడలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే మొదటిది వచ్చేసింది, రెండోదీ అలాగే వచ్చింది. ఆరు రోజుల తరవాత డిస్కవరీ కాలిఫోర్నియాలో దిగింది.